ఒళ్లు చూసి కాదు, హాజరు చూసి శాబాస్ అనాలె



పోయిన నెల మోకాళ్ల నొప్పుల గురించి రాసినంక ఒక తల్లి నుంచి ఉత్తరం వచ్చింది. "మా పిల్లగాడు పొద్దున్నే లేచి కసరత్తు చేస్తున్నడు. నెలకోసారి ఫోటో దిగి మా అందరికీ చూపిస్తడు. నాకు ఏమనాలో తెలుస్తలేదు. బాగున్నవ్ అంటే అద్దం ముంగటి నుంచి కదలడు, ఏం మారలేదంటే అన్నం మానేస్తడు. ఏం చెప్పాలె?" అని అడిగింది. మంచి ప్రశ్న. మన వాడలల్ల ఇప్పుడు ప్రతి మూడో ఇంట్లో ఒకరు పొట్ట తగ్గాలనో, చేతులు గట్టిపడాలనో ఏదో ఒకటి చేస్తున్నరు. వాళ్లు చేసేది వాళ్లు చేస్తరు. చూసేటోళ్లం మనం ఏం మాట అంటున్నమో దాని మీద సగం పని నిలబడుతది, సగం పని కూలుతది.

దీనికి మా ఇంట్ల సంగతే చెప్త. మా చెల్లె కొడుకు టవల్ కార్ఖానాల సాంచెల మీద పని చేస్తడు. వయసు ఇరవై ఏడు. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ. వాళ్ల నాయనకు పదేండ్ల నుంచి షుగర్ ఉన్నది. కార్ఖానా దగ్గర పెట్టిన క్యాంపుల వీడి రక్తం చూసి, "నీకు కూడా చక్కెర హద్దు మీద ఉన్నది, ఇప్పటి నుంచే ఒళ్లు కదిలించు" అని డాక్టరమ్మ చెప్పింది. అట్ల మొదలు పెట్టిండు. తాలీంకు పోతే పెద్ద పెద్ద పైల్వాన్ల నడుమ సిగ్గయితదని ఇంట్లనే మొదలు పెట్టిండు. పన్నెండు వారాలు చేసిండు. మొదటి రోజు ఒక ఫోటో, పన్నెండో వారం చివర ఒక ఫోటో. రెండూ పక్కపక్కన పెట్టి ఆదివారం నాడు చుట్టాలందరికీ చూపించిండు.

ఎవరెవరు ఏమన్నరో వినుండ్రి. వాళ్ల మేనత్త, "బుగ్గలు పోయినయ్, తింటలేవా ఏంది?" అన్నది. దోస్తు ఒకడు, "పొట్ట అట్లనే ఉన్నదిరా, సిక్స్ ప్యాక్ ఏది?" అన్నడు. పక్కింటి ఆమె, "అబ్బో, హీరో లెక్క అయినవ్!" అన్నది. మా బావ ఫోటో దూరం పట్టుకొని, దగ్గర పట్టుకొని, "నాకేం తేడా కనిపిస్తలేదు" అన్నడు. ఒక్కరు కూడా తిట్టాలని అనలేదు. అందరూ ప్రేమ ఉన్నోళ్లే. కానీ నాలుగు మాటలు నాలుగు దిక్కులకు గుంజినయ్. ఆ వారం పిల్లగాడు రెండు రాత్రులు అన్నం మానేసిండు. మూడో రోజు సాంచె దగ్గర కండ్లు తిరిగినయ్. కండె మార్చేటప్పుడు కండ్లు తిరిగితే ఏమయితదో మిల్లుల చేసినోళ్లకు చెప్పే పని లేదు. మా చెల్లె నా దగ్గరికొచ్చి, "అన్నా, వాడు ఇగ బంద్ చేస్తనంటున్నడు, నువ్వొకసారి మాట్లాడు" అన్నది.

నేను ఫోటోలు చూడలేదు. "అల్లుడా, హజేరి పుస్తకం ఏమన్న పెట్టినవా?" అని అడిగిన. పెట్టిండట. వంద పేజీల నోటుబుక్కు. ఏ రోజు ఏం చేసిండో, ఎన్ని చేసిండో తారీఖు వేసి రాసుకున్నడు. ఆ పుస్తకం నేను గంటసేపు చదివిన. మీకు కూడా దాంట్ల ఏమున్నదో చెప్త. ఎందుకంటే పొగడాలంటే మొదలు చూడాలె. ఏం చూడాలో తెలవక మనం బుగ్గలు చూస్తం, పొట్ట చూస్తం.

పగటి పాళీ వారంల నాలుగు రోజులు, రాత్రి పాళీ వారంల మూడు రోజులు చెయ్యాలని వాడు ముందే పెట్టుకున్నడు. రాత్రి పాళీల నిద్ర తక్కువ పడుతది కనుక ఒక రోజు తగ్గించిండు. పన్నెండు వారాల్ల ఆరు పగటివి, ఆరు రాత్రివి. అంటే ఇరవై నాలుగు, పద్దెనిమిది, మొత్తం నలభై రెండు రోజులు. పుస్తకంల ఉన్న హాజరు ముప్పై ఏడు. ఖాడాలు అయిదు. ఆ అయిదింట్ల మూడు జ్వరం వచ్చినప్పటివి, రెండు ఊర్ల పెండ్లికి పోయినప్పటివి. ఉత్తగ పండుకొని పోగొట్టిన రోజు ఒక్కటి లేదు. నేను ముప్పై ఏండ్లు మస్టర్ మీద పేరు చూసుకున్నోన్ని. నలభై రెండుల ముప్పై ఏడు అంటే అది ఎట్లాంటి హాజరో మనకు వేరే చెప్పాల్నా?

ఇగ ఏం చేసిండు? రెండే పనులు. ఒకటి బైఠక్, ఒకటి దండ్. మొదటి రోజు నేల మీద ఒక్క దండ్ కూడా రాలేదు. "0" అని నిజాయితీగా రాసుకున్నడు. అందుకని గోడకు చేతులు పెట్టి, నిలబడే, గోడను నెట్టుడు మొదలు పెట్టిండు. పదేసి, మూడు సార్లు. రెండు వారాలకు అది సులువయింది. మూడో వారం నుంచి వంటింటి ఓటా మీద చేతులు పెట్టి చేసిండు. చేతులు ఎంత కిందికి పోతే ఒంటి బరువు అంత ఎక్కువ చేతుల మీద పడుతది, అందుకని మెట్టు మెట్టుగా దిగాలె. ఆరో వారం మంచం పట్టె మీదికి దిగిండు. పదో వారం నేల మీదికి వచ్చిండు. నేల మీద మొదటి రోజు మూడు, రెండు, రెండు. పన్నెండో వారం చివర అయిదు, అయిదు, నాలుగు. బైఠక్‌లు మొదలు స్టూలు మీద కూర్చొని లేచుడు, ఎనిమిదేసి మూడు సార్లు. చివరికి స్టూలు లేకుండ పదిహేనేసి మూడు సార్లు.

నాకు ఈ పుస్తకంల అన్నిటికంటె నచ్చిన పేజీ ఏదంటే ఎనిమిదో వారంది. ఏడో వారం జ్వరం వచ్చింది, మూడు ఖాడాలు పడ్డయ్. తగ్గినంక చాలామంది ఏం చేస్తరు? పోయిన రోజులు పూడ్చాలని ఒక్క రోజే రెండింతలు చేస్తరు, నడుము పట్టేస్తది, మళ్ల వారం మూల కూర్చుంటరు. లేకపోతే "ఇగ తెగిపోయింది" అని విడిచిపెడతరు. వీడు ఆ రెండూ చెయ్యలేదు. మంచం పట్టె మీంచి లేచి మళ్ల ఓటా దగ్గరికి పోయిండు. ఒక మెట్టు ఎనుకకు. వారం రోజులు అక్కడ చేసి, తొమ్మిదో వారం మళ్ల పట్టె మీదికి దిగిండు. పడుగు తెగినప్పుడు మంచి కార్మికుడు ఏం చేస్తడు? సాంచె ఆపుతడు, తెగిన పోగు వెతికి అతుకు వేస్తడు, పన్నె పండ్లల్లకెళ్లి తీసుకొని మళ్ల నడిపిస్తడు. తెగలేదన్నట్టు నడిపితే గుడ్డంత చెడుతది. ఎనిమిదో వారం పేజీ నాకు అట్ల కనిపించింది.

మరి ఇంత చేస్తే ఫోటోల ఎందుకు కనిపించలేదు? ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. మొదటి కొన్ని వారాల్ల బలం పెరిగేది కండ పెరిగి కాదు. మెదడు, నరాలు ఉన్న కండను ఎట్ల వాడుకోవాలో నేర్చుకుంటయ్. కొత్తగా వచ్చిన పిల్లగాడు పోగు అతుకు వెయ్యనీకి మొదటి రోజు ఎంతసేపు తంటాలు పడుతడు? నెల తిరిగేసరికి చూడకుండనే వేస్తడు. ఆ నెలల వాని వేళ్లు లావయినయా? లేదు, పని నేర్చుకున్నయ్. ఒళ్లు కూడా అట్లనే. కండ కండ్లకు కనబడేటట్టు పెరుగుడు మెల్లగ అయితది, నెలల లెక్క. పైన కొవ్వు పొర ఉంటే అది ఇంకా ఆలస్యంగా కనిపిస్తది.

తూకం కూడా అంతే. వీడు 74 కిలోలు ఉండె, 73 అయిండు. "ఒక్క కిలోనేనా మామా?" అని అడిగిండు. నీళ్లు తాగుడు, ఉప్పు, తిన్న తిండి, దొడ్డికి పోవుడు, వీటితోనే ఒక్క రోజుల కిలో అటు ఇటు అయితది. కొందరికి రెండు కిలోలు కూడా. కనుక ఒక్క కిలో తగ్గిందంటే సంతోషపడే పని లేదు, పెరిగిందంటే ఏడ్చే పని లేదు. ఫోటో ఇంకా మోసం. మొదటి ఫోటో సాయంత్రం తిన్నంక, ట్యూబులైటు కింద. రెండోది పొద్దుగాల, కిటికీ పక్కన. వెలుగు పక్క నుంచి పడితే ఎముక తేలి కనిపిస్తది, ముంగటి నుంచి పడితే ఒళ్లు నిండుగ కనిపిస్తది. ఊపిరి పీల్చి నిలబడితే ఒక పొట్ట, వదిలితే ఒక పొట్ట. ఆ రెండు ఫోటోలు చూసి ఇచ్చిన తీర్పుకు ఏం విలువ ఉంటది?

అన్నిటికంటె పెద్ద సంగతి షుగర్ లెక్క. వీడు మొదలు పెట్టింది దానికోసమే కదా. కండ పని చేసినప్పుడు రక్తంల ఉన్న చక్కెరను లోపలికి గుంజుకుంటది. పని అయిపోయినంక కూడా కొంతసేపు గుంజుకునే గుణం ఎక్కువే ఉంటది. ఒకటి రెండు రోజులు ఉంటది, తర్వాత తగ్గిపోతది. తూకం తగ్గకున్నా ఈ మేలు జరుగుతది. అంటే ఏందంటే, ఈ రోగం హద్దు దాటకుండ ఆపేది పొట్ట ఆకారం కంటె ముందు హాజరు. వారంల మూడు నాలుగు రోజులు తప్పకుండ వచ్చినోనికి ఆ మేలు తెగకుండ అందుతది. నెలకోసారి విపరీతంగా చేసి పండుకున్నోనికి అందదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దోళ్లకు వారంల కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి శ్రమ, రెండు రోజులు కండకు పని పెట్టే కసరత్తు అని చెప్తది. అది చెప్పేది నిమిషాలు, రోజులు. నడుము ఎన్ని అంగుళాలు కనిపించాలో చెప్తలేదు.

సరే, పుస్తకం చదివినంక నేను ఏం చెయ్యాలె? నోటితోని చెప్పి ఊకుంటే గాలికి పోతది. అందుకని పన్నెండో వారం పేజీ కింద పెన్నుతోని రాసిచ్చిన. నాకు నాలుగో తరగతి చదువు, అక్షరాలు వంకర పోతయ్. ఇట్ల రాసిన:

"అల్లుడా, నలభై రెండుల ముప్పై ఏడు రోజులు వచ్చినవ్. రాత్రి పాళీ వారాల్ల కూడా తప్పలేదు. జ్వరం తగ్గినంక తొందర పడకుండ ఒక మెట్టు ఎనుకకు పోయి మళ్ల మొదలు పెట్టినవ్, అది అందరికీ చేతకాదు. మొదటి రోజు నేల మీద సున్నా, ఇయ్యాల అయిదు. వచ్చే నెల ఇదే హాజరు చూపియ్యి, చాలు. అన్నం మాత్రం మానొద్దు, తిననోడు బలపడడు."

అంతే. ఇండ్ల "సన్నబడ్డవ్" లేదు, "హీరో" లేదు, "పొట్ట" లేదు. ఒక్కొక్క మాట ఎందుకు రాసిన్నో చెప్త, మీ ఇంట్ల వాడుకోనీకి పనికొస్తది.

మొదటి మాట లెక్క. "బాగా కష్టపడుతున్నవ్" అని ఉత్తగ అంటే ఆ మాట ఎవరికైనా చెప్పొచ్చు. చూడకుండ కూడా చెప్పొచ్చు. వినేటోనికి అది తెలుసు. "ముప్పై ఏడు రోజులు" అంటే మాత్రం ఈయన కూర్చొని లెక్కపెట్టిండు అని తెలుస్తది. మిల్లుల ఫోల్డింగ్ ఖాతాల తాకా విప్పి చూసి, ఇక్కడ నడిపింది మంచిగున్నది అని వేలు పెట్టి చూపిచ్చిన జాబర్ మాట ఎన్నేండ్లయినా యాదికుంటది. దూరం నుంచి "మంచిగుంది" అని చెయ్యి ఊపిన మేనేజర్ మాట సాయంత్రానికి మర్చిపోతం.

రెండోది, వాని చేతుల ఉన్నదాన్ని పొగడుడు. పొద్దున లేచుడు వాని చేతుల ఉన్నది. మెట్టు ఎనుకకు పోవుడు వాని చేతుల ఉన్నది. బుగ్గలు ఎప్పుడు పోతయో, పొట్ట ఎక్కడ ముందు తగ్గుతదో వాని చేతుల లేదు. అది తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఒళ్లు చెప్తది. "హీరో లెక్క అయినవ్" అనే మాట తియ్యగనే ఉంటది. కానీ రేపు పెండ్లి భోజనం తిని మొఖం ఉబ్బితే, హీరో పోయిండు అని వాడే అనుకుంటడు. ఆ మాటను నిలబెట్టుకోనీకే వీడు రెండు రాత్రులు అన్నం మానేసిండు.

మూడోది, రేపు ఏం చెయ్యాలో ఒక్కటే చెప్పుడు. "వచ్చే నెల ఇదే హాజరు" అన్న. "వచ్చే నెల ఇరవై దండ్లు" అంటే వాడు ఉరుకుతడు, భుజం పట్టేస్తది.

మా కోడలు బడిల పాఠాలు చెప్తది. నేను రాసింది చూసి, "మామయ్యా, దీని మీద అమెరికాల పిల్లల మీద పరీక్ష చేసి చూసిండ్రు" అన్నది. 1998ల కొలంబియా విశ్వవిద్యాలయంల క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు అయిదో తరగతి పిల్లలకు పజిళ్లు ఇచ్చిండ్రట. చేసినంక కొందరిని "నువ్వు తెలివిగల్లోనివి" అని మెచ్చుకున్నరు, కొందరిని "నువ్వు కష్టపడ్డవ్" అని మెచ్చుకున్నరు. తర్వాత కష్టమైన పజిళ్లు ఇచ్చి ఓడిపోయేటట్టు చేసిండ్రు. తెలివి అని పొగిడించుకున్న పిల్లలు ఎనుకకు తగ్గిండ్రు, మళ్ల సులువైనవి ఇచ్చినా ముందటికంటె తక్కువ చేసిండ్రు. మార్కులు అడిగితే ఎక్కువ చెప్పి అబద్ధమాడినోళ్లు కూడా వాళ్లల్లనే ఎక్కువట. కష్టం అని పొగిడించుకున్నోళ్లు ఇంకా గట్టి పజిళ్లు అడిగిండ్రు. అది బడి పిల్లల సంగతి, పజిళ్ల సంగతి. కసరత్తుకు అచ్చం అట్లనే వర్తిస్తదని నేను అనను. కానీ ఓడిపోయిన రోజు ఏం మాట తోడుంటది అనేది రెండు చోట్లా ఒక్కటే ప్రశ్న.

ఇప్పుడు జాగ్రత్త చెప్పాలె. కష్టాన్ని పొగుడుడు కూడా తప్పుగ పొగిడితే నష్టమే.

ఒకటి, విశ్రాంతి లేని కష్టాన్ని పొగడొద్దు. "జ్వరంల కూడా మానలేదు, భేష్" అన్నరనుకోండ్రి, వచ్చేసారి వాడు కీలు నొప్పిని కూడా దాస్తడు. కసరత్తు తర్వాత కండ నొప్పి ఒకటి రెండు రోజుల్ల పట్టుకొని, మూడు నాలుగు రోజుల్ల తగ్గుతది. అది మామూలు. కీలు దగ్గర సూది గుచ్చినట్టు నొప్పి, వాపు, వారం దాటినా తగ్గని నొప్పి మామూలు కాదు. ఛాతీల బరువు, కండ్లు తిరుగుడు ఉంటే అక్కడనే ఆపి డాక్టర్ దగ్గరికి పోవాలె. పుస్తకంల ఖాడా కూడా ఒక క్రమశిక్షణే, కారణం రాసి ఉంటే. రాత్రి పాళీల ఒక రోజు తగ్గించిండు చూడుండ్రి, దాన్ని కూడా నేను లెక్కల వేసి మెచ్చుకున్న.

రెండు, తప్పు పద్ధతిని కష్టం పేరుతోని పొగడొద్దు. నడుము వంకర పెట్టి యాభై దండ్లు తీసేటోన్ని, "ఎంత కష్టపడుతున్నడో" అంటే వాని నడుముకు మనమే పాపం కట్టుకున్నట్టు. చూసినప్పుడు తల నుంచి మడిమ దాకా ఒళ్లు ఒక్క గీత లెక్క ఉన్నదా, నడుమ కుంగుతున్నదా చూడుండ్రి. కుంగితే, "ఒక మెట్టు ఎత్తు మీద చెయ్యి, అయిదు మంచిగ చెయ్యి" అని చెప్పాలె. అది కూడా పొగడ్త లెక్కనే వినిపిస్తది, మెల్లగ చెప్తే.

మూడు, సన్నబడ్డోళ్లందరూ కసరత్తు చేసి సన్నబడలేదు. ఇది అన్నిటికంటె ముఖ్యం. మన మిల్లు వాడలల్ల టీబీ చూసినం, షుగర్ చూసినం. ఏం చెయ్యకుండనే ఒంటి బరువు పోతుంటే, దాహం ఎక్కువయితే, రెండు వారాలు దాటి దగ్గుంటే, "మంచిగ సన్నబడ్డవ్ అక్కా" అని మనం అంటే ఆమె సంతోషపడి ఇంట్లనే ఉంటది. అదే మనం "ఏం చేస్తున్నవ్, ఎన్ని రోజుల నుంచి?" అని అడిగితే, "ఏం చేస్తలేను, ఊకనే తగ్గిన" అని చెప్తది. ఆ మాట వినంగనే దవాఖానకు తోలియ్యొచ్చు. ఒళ్లు చూసి పొగిడేటోనికి ఈ సంగతి తెలవదు. పని అడిగి పొగిడేటోనికి తెలుస్తది.

ఆడపిల్లల ఇండ్లకు ఇంకొక మాట. బీడీలు చుట్టే తల్లులు, కుట్టుమిషన్ మీద కూర్చునే పిల్లలు పొద్దంతా కూర్చునే ఉంటరు. వాళ్లు సాయంత్రం అరగంట నడవనీకి పోతే, "ఎవరి కోసం సన్నబడుతున్నవ్?" అని అడిగే నోళ్లు మన వాడలల్లనే ఉన్నయ్. ఆ మాటతోని ఎంతమంది చెప్పులు విప్పి మూలకు పెట్టిండ్రో. ఆమె నడిచేది మోకాళ్ల కోసం, షుగర్ కోసం, నిద్ర కోసం. "ఈ వారం ఎన్ని రోజులు పోయినవ్ బిడ్డా?" అని అడుగుండ్రి. నాలుగు అంటే, "వంట, బీడీలు అయినంక నాలుగు రోజులు టైం తీసినవ్, శాబాస్" అనుండ్రి. ఆమె ఒళ్లు గురించి ఒక్క మాట అవసరం లేదు.

మన మహారాష్ట్రల తాలీంలకు పోయే పిల్లలకు ఖాశాబా జాధవ్ పేరు తెలుసు. సాతారా జిల్లా గోళేశ్వర్ ఊరోడు. 1948ల లండన్ ఒలింపిక్స్‌ల కుస్తీల ఆరో స్థానం వచ్చింది. నాలుగేండ్లు మళ్ల తాలీంల దిగి, 1952ల హెల్సింకిల కాంస్య పతకం తెచ్చిండు. స్వతంత్ర భారతానికి ఒక్కడే ఆడి గెలిచిన మొదటి ఒలింపిక్ పతకం అది. చూస్తే పెద్ద ఒళ్లున్న మనిషి కాదు. ఆయన ఒళ్లు చూసి తీర్పు చెప్పినోళ్లకు ఆరో స్థానం దగ్గరనే కథ అయిపోయి ఉంటది.

ఉత్తరం రాసిన తల్లికి నా జవాబు ఇది. అమ్మా, ఫోటో చూపిస్తే చూడు, కానీ ఫోటో మీద తీర్పు ఇయ్యకు. పక్కన కూర్చోబెట్టుకొని మూడు అడుగు: ఈ నెల ఎన్ని రోజులు చేసినవ్? ఏ రోజు అన్నిటికంటె కష్టమనిపించింది? పోయిన నెల చేతకానిది ఈ నెల ఏం చేతనయింది? వాడు చెప్పిన దాంట్లకెళ్లి ఒక్కటి పట్టుకొని, దాన్నే మళ్ల వానికి చెప్పు. "వాన పడ్డ రోజు కూడా లేచినవ్ కదా, అది నాకు నచ్చింది" అని. చెప్పి, అన్నం ముందు పెట్టు. నోటుబుక్కు లేకపోతే గోడ క్యాలెండర్ మీద గీత గీసుకొమ్మను. పాల లెక్క గీసినట్టే.

మా అల్లుడు ఇప్పుడు పదిహేడో వారంల ఉన్నడు. నేల మీద ఎనిమిది, ఏడు, ఏడు. తూకం 73 దగ్గరనే ఉన్నది. రక్తం పరీక్ష వచ్చే నెల ఉన్నది. అది ఎట్ల వచ్చినా పుస్తకం బంద్ పెట్టొద్దని ముందే మాట తీసుకున్న.

మీ ఇంట్ల ఎవరైనా హజేరి పుస్తకం పెట్టి కసరత్తు చేస్తుంటే ఎన్ని రోజులకు ఎన్ని హాజరో నాకు రాయుండ్రి. ఫోటోలు పంపొద్దు. వచ్చే నెల రాత్రి పాళీ చేసేటోళ్లు నిద్ర ఎట్ల పోవాలె, కిటికీకి ఏం కట్టాలె, ఏ టైంకు తినాలె అనేది రాస్త.